రేపు వీసా కిటికీ ముందు నిలబడే భార్యకు, ఈ రాత్రి ఒక మెసేజ్

మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లేవాళ్లందరికీ ఒక లెక్క తెలుసు. కోరిక చెప్పుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, అది తీరాక మళ్లీ వచ్చి 108. హుండీ లేని ఈ గుడిని జనం వీసా బాలాజీ అనడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. 2023 మార్చిలో అమెరికా కాన్సులేట్ బేగంపేటలోని పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకు మారాక గుడికీ వీసా కిటికీకీ మధ్య దూరం కూడా తగ్గింది.

ఆ లెక్కలో గమనించాల్సింది వరస. 11 తిరిగేవాళ్లు అడుగుతారు, అంతే. దొరికిందని ముందే చెప్పుకోరు. 108 మాట తర్వాతది. మన ఇళ్లలో ఇంటర్వ్యూకి ముందు రాత్రి భర్త భార్యకో, భార్య భర్తకో పంపే మెసేజ్‌లు చూస్తే ఈ వరస తలకిందులవుతుంది. 'పక్కా వస్తది' అని ముందే తేల్చేస్తారు. చదివే మనిషికి మాత్రం అది తేలలేదని తెలుసు. ప్రేమతో పంపిన మెసేజ్ పని చేయకపోవడానికి మొదటి కారణం ఇదే.

చేవెళ్ల, మొయినాబాద్ వైపు మామూలుగా ఎదురయ్యే పరిస్థితి ఒకటి తీసుకుందాం. అతను టెక్సాస్‌లోని డాలస్ దగ్గర హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తున్నాడు. పెళ్లయ్యాక సెలవు అయిపోగానే వెళ్లిపోయాడు. ఆమె చేవెళ్లలో అత్తగారింట్లో ఉంది. రేపు ఉదయం తొమ్మిదింటికి హెచ్-4 వీసా ఇంటర్వ్యూ. ఇంగ్లిష్‌లో చదువుకుంది గానీ మాట్లాడటానికి జంకుతుంది. ఈ రాత్రి అతను ఆమెకు ఏం రాయాలి? 

మెసేజ్ రాసే ముందు ఆ కిటికీ దగ్గర నిజంగా ఏం జరుగుతుందో అతనికి తెలిసి ఉండాలి. ధైర్యం చెప్పడానికి పనికొచ్చే సరుకంతా అక్కడే ఉంది.

చదువుకోవడానికి ఎఫ్-1 మీద వెళ్లే విద్యార్థికీ, పిల్లల్ని చూడటానికి వెళ్లే తల్లిదండ్రులకూ ఉండే పెద్ద అడ్డంకి అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్. తిరిగి వచ్చేస్తామని అధికారిని ఒప్పించే భారం వాళ్ల మీదే ఉంటుంది. హెచ్-1బి ఉద్యోగికీ, ఆ ఉద్యోగితో వెళ్లే హెచ్-4 జీవిత భాగస్వామికీ ఆ భారం లేదు. అక్కడే ఉండిపోవాలన్న ఆలోచన ఉన్నా అది వాళ్ల వీసాకు అడ్డం కాదు. కాబట్టి ఆమె ముందు కూర్చున్న అధికారి ముఖ్యంగా తేల్చుకోవాల్సినవి రెండు. ఈ పెళ్లి నిజమైనదేనా? ఆ భర్త ఉద్యోగం చట్టప్రకారం సాగుతోందా? రెండోదానికి జవాబు ఆమె మాటల్లో కంటే కాగితాల్లో ఎక్కువగా ఉంటుంది. పిటిషన్ మంజూరైనట్టు చెప్పే ఐ-797 నోటీసు, ఈమధ్య నెలల పే స్లిప్పులు, కంపెనీ ఇచ్చిన లెటర్ ఆ సంగతి చెబుతాయి. ఇక మొదటిదానికి జవాబు ఆమె బతుకే. పెళ్లి ఎప్పుడైంది, ఎక్కడైంది, సంబంధం ఎలా కుదిరింది, మీ ఆయన ఏం పని చేస్తాడు, ఏ ఊళ్లో ఉంటాడు. అడిగేవి ఎక్కువగా ఇవే. మొత్తం కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. తెలుగులో మాట్లాడతానంటే హైదరాబాద్‌లో అందుకూ వీలుంది.

ఇది పరీక్ష అనుకుని ఆమె భయపడుతోంది. నిజానికి చదివి రాయాల్సిన పరీక్ష కాదిది. ఆమెకు కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేదు. ఈ ఒక్క సంగతి అతనికి తెలిస్తే మెసేజ్ సగం రాసినట్టే.

ఇప్పుడు అతను మొదట టైప్ చేసింది చూద్దాం. చాలామంది ఇలాగే రాస్తారు.

"బంగారం, ఆల్ ది బెస్ట్! అస్సలు టెన్షన్ పడకు. వీసా పక్కా వస్తది, నాకు నమ్మకం ఉంది. కాన్ఫిడెంట్‌గ మాట్లాడు, కండ్లల్లకు చూసి చెప్పు, నవ్వుకుంట ఉండు. కంపెనీ పేరు, జీతం, అడ్రస్ ఇంకోసారి చదువుకో. పెండ్లి ఫొటోలు మర్చిపోకు. మన లైఫ్ మొత్తం దీని మీదనే ఉంది. వీసా వచ్చినంక చిలుకూరు పోయి 108 తిరుగుదాం."

ఇందులో ప్రేమకు లోటు లేదు. అయినా రాత్రి తొమ్మిదింటికి ఇది చదివిన మనిషి పడుకోలేదు. ఎందుకో చూద్దాం.

'వీసా పక్కా వస్తది' అన్న మాటతో మొదలుపెడదాం. ఆ నిర్ణయం అతని చేతిలో లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తన చేతిలో లేనిదాన్ని ఖాయమని చెప్పగానే మిగతా మాటల విలువ కూడా పడిపోతుంది. పైగా, రేపు ఒకవేళ రాకపోతే ఆమె రెండు బరువులు మోయాలి. వీసా రాలేదన్నది ఒకటి, అతని నమ్మకం వమ్మయిందన్నది ఇంకొకటి. తమ మీద తమకు అంతగా నమ్మకం లేనివాళ్లు తమను తాము పెద్దగా మెచ్చుకుంటే అది ఎదురు తిరుగుతుందని కెనడాలో జోఆన్ వుడ్, ఆమె సహచరులు చేసి 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో కనిపించింది. తాను ప్రేమించదగిన మనిషినన్న వాక్యాన్ని కొందరిచేత పదేపదే మనసులో అనిపించారు. ఆత్మవిశ్వాసం బాగా ఉన్నవాళ్లకు కాస్త హాయిగా అనిపించింది. తక్కువగా ఉన్నవాళ్లకు, ఆ వాక్యం అనుకోని తమలాంటివాళ్లకంటే ఎక్కువ దిగులు కలిగింది. తమ గురించి తాము అనుకునేదానికీ ఆ వాక్యానికీ పొంతన కుదరకపోతే మనసు ఆ వాక్యాన్ని ఒప్పుకోదు, దాంతో వాదానికి దిగుతుంది. ఇంగ్లిష్ మాట్లాడటానికి జంకే మనిషితో 'నువ్వు అదరగొడతవ్' అంటే, తాను తడబడిన సందర్భాలన్నీ ఆమెకు ఒక్కసారిగా గుర్తొస్తాయి.

'కండ్లల్లకు చూసి చెప్పు, నవ్వుకుంట ఉండు' అన్నవి సలహాలు. ముందు రాత్రి ఇచ్చే సలహాలో 'నీకు ఇది రాదు' అన్న అర్థం లోపల దాగి ఉంటుంది. దీని మీద బాగా పేరున్న అధ్యయనం ఒకటి ఉంది. నియాల్ బోల్జర్ బృందం 2000లో ప్రచురించింది. న్యూయార్క్‌లో వకీలు కావడానికి రాసే బార్ పరీక్ష దగ్గరపడుతున్న 68 జంటలను తీసుకున్నారు. ఒకరు పరీక్ష రాస్తారు, ఇంకొకరు తోడుంటారు. ఇద్దరూ రోజూ విడివిడిగా డైరీ రాశారు. ఈరోజు నాకు సాయం అందిందా అని పరీక్ష రాసేవాళ్లు, నేను సాయం చేశానా అని తోడున్నవాళ్లు. రెండు డైరీలూ పక్కపక్కన పెట్టి చూస్తే, సాయం అందిందని పరీక్ష రాసే మనిషి గుర్తించిన రోజుల తర్వాత మనసు తేలికపడలేదు, పైగా కాస్త కుంగింది. తోడున్న మనిషి చేశానని రాసుకుని, అవతలి మనిషి గమనించని సాయమే ఎక్కువ మేలు చేసింది.

ఇందులో మన ఇళ్లకు వింతేమీ లేదు. పరీక్షల కాలంలో వంట, పిల్లలు, కరెంటు బిల్లు ఎవరో చూసుకుంటే చదివే మనిషికి ఆ సంగతే తెలియదు. అదే మనిషి వచ్చి పక్కన కూర్చుని 'నీ కోసం ఇదంతా చేస్తున్న, టెన్షన్ పడకు' అంటే, సాయం కాస్తా బాకీలా మీద కూర్చుంటుంది. అయితే బోల్జర్ మాటను చివరి మాటగా తీసుకోనక్కర్లేదు. కనిపించే సాయం కూడా అవతలి మనిషిని అర్థం చేసుకుని చేసినట్టు అనిపిస్తే మేలే చేస్తుందని మైసెల్, గేబుల్ అనే పరిశోధకులు 2009లో చూపించారు. రెండూ కలిపి చూస్తే దారి దొరుకుతుంది. పనులు చెప్పకుండా చేసేయాలి. చెప్పే మాట ఆమె భయం ఎక్కడుందో సరిగ్గా అక్కడ తగలాలి.

ఈ కేసులో చెప్పకుండా చేసే పనులు ఏమిటి? డాలస్‌లో కూర్చుని కూడా అతను చాలా చేయొచ్చు. పే స్లిప్పులు, లెటర్, ఐ-797 ప్రతులు రెండు రోజుల ముందే తన తమ్ముడికి పంపి ప్రింట్ తీయించొచ్చు. డీఎస్-160 కన్ఫర్మేషన్ పేజీలో పేరు, పాస్‌పోర్ట్ నంబరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో తానే ఒకసారి పోల్చుకోవచ్చు. తప్పు కనిపిస్తే ముందు రాత్రి కాదు, ఇంకా చాలా ముందే సరిచేయించాలి. చేవెళ్ల నుంచి మొయినాబాద్ మీదుగా అప్పా జంక్షన్‌కు వచ్చి, అక్కడ ఔటర్ ఎక్కి నానక్‌రామ్‌గూడలో దిగాలి. అప్పా జంక్షన్ దాకా ఉన్న ఆ రోడ్డు మీద పొద్దున్నే ఒక లారీ ఆగిపోయినా బండ్లు కదలవు. కాబట్టి ఎన్నింటికి బయల్దేరాలో ఆమెతో కాకుండా తమ్ముడితో మాట్లాడుకోవాలి. బండిలో పెట్రోలు రాత్రే పోయించమనాలి. ఇవేవీ మెసేజ్‌లోకి రానక్కర్లేదు. ఆమెకు తెలియాల్సింది ఒక్కటే, కాగితాలు సరిగ్గా ఉన్నాయని.

'మన లైఫ్ మొత్తం దీని మీదనే ఉంది' అన్న వాక్యం మాత్రం నాకు అన్నింటికంటే చేటు అనిపిస్తుంది. అది నిజం కూడా కాదు. ఇంటర్వ్యూలో వెంటనే ఔననకపోతే చాలాసార్లు చేతిలో పెట్టేది 221(జి) స్లిప్పు. ఇంకేదో కాగితం కావాలనో, లోపల ఇంకా పరిశీలించాలనో దాని అర్థం. చట్టం లెక్కలో అదీ తిరస్కరణే గానీ, అడిగినవి ఇచ్చి, పరిశీలన పూర్తయ్యాక వీసా వచ్చిన కేసులు కొల్లలు. పూర్తిగా కాదన్నా మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. డబ్బు పోతుంది, నెలలు పోతాయి, బాధ ఉంటుంది. కాపురం పోదు. అలాగని ముందు రాత్రి 'రాకపోయినా ఏం గాదు, మళ్ల అప్లై చేద్దాం' అని రాయడమూ మంచిది కాదు. అడగకముందే ఓటమి గురించి మాట్లాడినట్టవుతుంది. 'ఏం చెప్పినా సరే' అన్న రెండు మూడు మాటల్లో ఆ భరోసా ఇమిడిపోతుంది.

ఇక 'టెన్షన్ పడకు'. ఎవరూ కావాలని పడరు కాబట్టి పడకు అంటే ఆగదు. తీసేయొచ్చు.

ఇవన్నీ తీసేసి, తనకు కచ్చితంగా తెలిసిన సంగతులే ఉంచి అతను మళ్లీ రాస్తే ఇలా వస్తుంది.

"రేపు వాళ్లు అడిగేది మన పెండ్లి గురించి, నా ఉద్యోగం గురించి. రెండూ నీకు తెలిసినయే. కాగితాలు నిన్న ఒక్కొక్కటి చూసిన, అన్నీ ఉన్నయి. తెలుగుల మాట్లాడుతనన్నా నడుస్తది. నువ్వు లోపలికి పోయేటాళ్లకు ఇక్కడ రాత్రి పదిన్నర, నేను మేలుకొనే ఉంటా. ఏం చెప్పినా సరే, బయటికి రాంగనె ఫోన్ చెయ్యి. ఇప్పుడు పండుకో."

ఇందులో పొగడ్త లేదు, జోస్యం లేదు. ఉన్న ప్రతి వాక్యాన్నీ ఆమె సరిచూసుకోగలదు. అడిగేవి తనకు తెలిసినవేనా? అవును. కాగితాలు ఉన్నాయా? పక్కనే ఫైల్లో ఉన్నాయి. ఇక్కడ ఉదయం తొమ్మిదైతే వేసవిలో డాలస్‌లో ముందు రోజు రాత్రి పదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర. కాబట్టి మేలుకొనే ఉంటానన్న మాటా కష్టపడి నమ్మాల్సింది కాదు. ఇంగ్లిష్ భయానికి ఒక్క వాక్యం ఉంది. అది ఆమెను మారమని చెప్పదు, ఉన్న వీలును చెబుతుంది. చివరి మాట ఒక పని. ఆ పని ఈ రాత్రి ఆమె చేయగలిగినదే.

పొడవు కూడా చూడండి. కాన్సులేట్ లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వరు. బండిలో మరిది దగ్గరో, ఇంట్లోనో వదిలేసి వెళ్లాలి. వరసలో నిలబడ్డప్పుడు తీసి మళ్లీ చదువుకునే వీలుండదు. మనసులో పెట్టుకుని పోగలిగినంతే ఆమె వెంట వెళుతుంది. 'రెండూ నీకు తెలిసినయే' అన్న ముక్క కిటికీ దాకా పోతుంది. పది వాక్యాల సలహా సెక్యూరిటీ గేటు దగ్గరే చెదిరిపోతుంది.

ఎప్పుడు పంపాలన్నది ఇంకో చిన్న సంగతి. చేవెళ్లలో రాత్రి ఎనిమిదిన్నర అంటే వేసవిలో డాలస్‌లో పొద్దున పది, ఆఫీసులో మీటింగులు నడిచే వేళ. ఖాళీ దొరికాక పంపుదామని ఆగితే ఇక్కడ పదకొండు దాటుతుంది. పడుకోబోయే మనిషి ఫోన్ మోగుతుంది, నిద్ర చెడుతుంది. ముందే రాసి పెట్టుకుని ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య పంపడం మేలు. ఆమె 'సరే' అని ఒక్క మాటతో జవాబిస్తే నొచ్చుకోకూడదు. 'ఏమైంది, భయపడుతున్నవా' అని వెంటనే ఇంకో మెసేజ్ పెడితే రాసిందంతా వృథా. ఇప్పుడు ఓదార్పు అవసరమైంది ఆమెకు కాదు, అతనికే అన్నట్టు తయారవుతుంది.

ఈ మెసేజ్‌కు ఒక హద్దు ఉంది. కాగితాలు నిజంగా సరిగ్గా ఉంటేనే ఇది చెల్లుతుంది. అతను ఈమధ్యే కంపెనీ మారాడనుకోండి, లేదా ప్రాజెక్టు లేక రెండు నెలలు జీతం పడలేదనుకోండి. అప్పుడు 'అన్నీ ఉన్నయి' అనడం అబద్ధం. ఆ అబద్ధం మోసేది కిటికీ ముందు నిలబడిన ఆమె. పాత కంపెనీ పేరు చెప్పిందంటే, అధికారి ముందున్న పిటిషన్‌కూ ఆమె మాటకూ పొంతన ఉండదు. అలాంటి సంగతి ఇంటర్వ్యూకి కనీసం రెండు రోజుల ముందు ఫోన్‌లో మాట్లాడాలి. ఏం జరిగింది, ఇప్పుడు కంపెనీ పేరేంటి, ఏ కాగితం లేదు, అడిగితే ఉన్నది ఉన్నట్టు ఎలా చెప్పాలి అన్నది అప్పుడే తేల్చుకోవాలి. అవసరమైతే లాయర్‌నూ అడగాలి. ముందు రాత్రి మెసేజ్‌లో మాత్రం ఇలా రాస్తే చాలు: "ఫిబ్రవరి పే స్లిప్ లేదు, ఎందుకు లేదో మొన్న మాట్లాడుకున్నం. అడిగితే అదే చెప్పు." ధైర్యం చెప్పే మాటలా కనిపించదు గానీ, ఆ రాత్రి ఆమెకు కావలసింది అదే.

వీసా కాకుండా ఉద్యోగం ఇంటర్వ్యూ అయినా, రాసేది భార్య అయినా పద్ధతి మారదు. మొయినాబాద్‌లో ఉండి, గచ్చిబౌలిలో ఇంటర్వ్యూకు వెళ్లే భర్తకు ఆమె ఇలా రాయొచ్చు: "మీరు ఆరేండ్ల సంది చేస్తున్న పనే అడుగుతరు. మొన్న సర్వర్ పోయినప్పుడు రాత్రంతా కూసొని బాగు చేసిన్రు కదా, అది చెప్పున్రి. అంగీ ఇస్త్రీ చేసి పెట్టిన. సాయంత్రం మాట్లాడుకుందాం." మీరు గొప్పవాళ్లు అనడం కంటే, ఆమె కళ్లారా చూసిన ఆ ఒక్క రాత్రిని గుర్తుచేయడమే ఎక్కువ నిలుస్తుంది. జరిగిన సంగతి కాబట్టి అతని మనసు దాంతో వాదానికి దిగదు. ఇస్త్రీ సంగతి చెప్పకుండా వదిలేసినా బాగుండేదని బోల్జర్ అనేవారేమో. మన ఇళ్లలో ఆ మాత్రం చెప్పుకోవడం ఉంటుంది.

కాబట్టి రేపు మీ ఇంట్లో వీసా ఇంటర్వ్యూ ఉంటే, రాసిన మెసేజ్ పంపే ముందు ఒక్కసారి చదివి, మీ చేతిలో లేనిదాన్ని ఖాయమని చెప్పిన వాక్యం ఏదైనా ఉంటే కొట్టేయండి. తొమ్మిది దాటకముందే పంపండి. లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వరు కాబట్టి, బయటికి రాగానే మాట్లాడటానికి ఛార్జింగ్ ఉన్న ఫోన్‌తో గేటు బయట ఎవరు నిలబడతారో కూడా ఈ రాత్రే తేల్చుకోండి.